రెండు ‘వైన్’లు, ఒక్క ‘వ’

*నాకు 47 ఏళ్లు. పాతికేళ్లుగా ఉద్యోగంలో ఇంగ్లీషు వాడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు. ఈమధ్య మా అమ్మాయి ఒక ఆట పెట్టింది. ఫోన్లో ఇంగ్లీషు పదం వినిపిస్తుంది, అది ‘వీ’తో మొదలయ్యేదో ‘డబుల్యూ’తో మొదలయ్యేదో చెప్పాలి. 40 పదాల్లో నాకు 21 కరెక్టయ్యాయి. రెండూ వెంటవెంటనే వినిపిస్తే ఏదో తేడా ఉన్నట్టే ఉంటుంది. ఒక్కటే వినిపించి ఇదేంటి అంటే మాత్రం తెలియదు. చెవుల డాక్టరు వినికిడి భేషుగ్గా ఉందన్నారు. మరి లోపం ఎక్కడ? ఈ వయసులో ఇక రాదా?*

ముందు ఆ 21 సంగతి చూద్దాం. రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సిన ప్రశ్నలు 40 ఉంటే, బొమ్మా బొరుసూ వేసి జవాబులిచ్చినా సగటున 20 వస్తాయి. కనీసం 26 వస్తే తప్ప మీకు కాస్తో కూస్తో వినబడుతోందని గట్టిగా అనలేం. అంటే మీరు ఆ ఆటలో వినడం లేదండీ, ఊహిస్తున్నారు. నొచ్చుకోకండి. లండన్‌లో పాల్ ఐవర్సన్, ఆయన సహచరులు సరిగ్గా ఈ జంటనే తీసుకుని సింహళం, జర్మన్, డచ్చి మాతృభాషగా ఉన్నవాళ్ల మీద పరీక్ష చేసి 2008లో ఫలితాలు అచ్చువేశారు. సింహళీయుల్లో ఎక్కువమంది మార్కులు బొమ్మా బొరుసూ స్థాయికి దగ్గరలోనే ఉన్నాయి. సింహళంలోనూ మనకున్నట్టే ఈ చోట ఒక్క ‘వ’ మాత్రమే ఉంది. మీ 21 వాళ్ల పక్కన పెడితే ఏమాత్రం వింత కాదు.

డాక్టరు చెప్పింది కూడా నిజమే. దీనికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం 1975 నాటిది. జపాను వాళ్లకు ఇంగ్లీషు ‘ర’, ‘ల’ల తేడా వినబడదన్న సంగతి మీరు వినే ఉంటారు. ఆ తేడా ప్రధానంగా శబ్దంలోని ఒకానొక పౌనఃపున్యపు పట్టీలో ఉంటుంది, భాషాశాస్త్రంలో దాన్ని మూడో ఫార్మెంట్ అంటారు. మియావకీ బృందం కంప్యూటరుతో తయారుచేసిన ‘రా’, ‘లా’లు వినిపిస్తే జపానీయులు తడబడ్డారు, అమెరికన్లు తేలిగ్గా పట్టేశారు. తర్వాత ఆ మూడో ఫార్మెంటు ముక్కను ఒక్కదాన్నే కోసి వినిపించారు. అలా విడిగా వింటే అది మాటలా ఉండదు, ఏదో కిచకిచలా ఉంటుంది. అప్పుడు జపానీయులూ అమెరికన్లూ సమానంగా తేడా పట్టుకున్నారు. శబ్దం చెవిలోకి చక్కగానే వెళ్తోందన్నమాట. అది ‘మాట’ అని మెదడు అనుకున్న క్షణం నుంచీ తేడా మాయమవుతోంది.

ఎందుకు మాయమవుతుందో చెప్పాలంటే మన ‘వ’ దగ్గరకు రావాలి. అద్దం ముందు నిలబడి ‘వీడు’ అనండి. కింది పెదవి పైపళ్ల దగ్గరకు వెళ్తుంది, కానీ గట్టిగా ఒరుసుకోదు. ఇప్పుడు ‘వూళ్లో’ అనండి. పెదవులు గుండ్రంగా ముందుకొస్తాయి, పళ్ల ఊసే ఉండదు. రెండూ మనకు ‘వ’లే. ఇంకా విచిత్రం, ఆ రెండో మాటను ‘ఊళ్లో’ అని రాసినా ఎవరూ తప్పు పట్టరు. ‘ఒక’, ‘వొక’ కూడా అంతే. ‘వ’ అనే గడి మనకు చాలా విశాలమైంది, పళ్ల దగ్గర మొదలై గుండ్రటి పెదవుల దాకా పరుచుకుని ఉంది. అందులో ఏ మూల నుంచి వచ్చిందన్నది అర్థాన్ని మార్చదు, పక్కనున్న అచ్చును బట్టి దానంతటదే మారుతుంది. కాబట్టి పసితనం నుంచీ మనం నేర్చుకున్నది ఆ తేడాను లెక్కలోకి తీసుకోకపోవడం. ఇది చెవి మొద్దుబారడం కాదు, తెలుగు వేగంగా అర్థం చేసుకోవడానికి చాలా పనికొచ్చే నైపుణ్యం. ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికి అదే అడ్డం తిరుగుతోంది.

ఇంగ్లీషు వాళ్లు ఆ విశాలమైన గడిని మధ్యలో గోడ కట్టి రెండు గదులు చేసుకున్నారు. ‘వీ’లో కింది పెదవి పళ్లకు ఒరుసుకుని సన్నటి రాపిడి పుడుతుంది. ‘డబుల్యూ’లో రాపిడి ఉండదు, గుండ్రటి పెదవులు మెల్లగా విప్పారుతూ తర్వాతి అచ్చులోకి జారతాయి. మన ‘వ’ ఈ రెండిటికీ మధ్యన, గోడ ఉండాల్సిన చోట కూర్చుని ఉంది. ద్రాక్షతీగ అనే అర్థమున్న ‘వైన్’ వీతో, ద్రాక్ష సారాయి అనే అర్థమున్న ‘వైన్’ డబుల్యూతో మొదలవుతాయి. చూడండి, మీకు రాసి చూపిద్దామన్నా నా దగ్గర వేరే అక్షరం లేదు. అర్థం చెప్పుకుంటూ పోవాల్సి వస్తోంది. మన లిపికున్న ఇరుకే మన చెవికీ ఉంది.

పరభాషా ధ్వని వినబడగానే మనం దాన్ని దానిగా వినం. మనకున్న గడుల్లో దేనికి దగ్గరో చూసి అందులో పడేసుకుంటాం. క్యాథరిన్ బెస్ట్ అనే పరిశోధకురాలు ఈ సంగతిని సిద్ధాంతంగా నిలబెట్టారు, దాని పేరు పర్సెప్చువల్ అసిమిలేషన్. ఏ జంట కష్టమో ఏ జంట తేలికో ముందే చెప్పగలగడం ఇందులోని అసలు బలం. పరభాషా ధ్వనులు రెండూ మన గడులు రెండింట్లో విడివిడిగా పడితే ఏ శిక్షణా అక్కర్లేదు. రెండూ ఒకే గడిలో పడి, ఒకటి చక్కగా సరిపోయి రెండోది ఎబ్బెట్టుగా ఉంటే, ఆ ఎబ్బెట్టుతనాన్ని పట్టుకుని చాలావరకు నెట్టుకురావచ్చు. రెండూ ఒకే గడిలో, దాదాపు సమానంగా ఇమిడిపోతేనే చిక్కు. మీది ఇదే.

మొదటి రకానికి మీ దగ్గరే ఉదాహరణ ఉంది. సన్నం అనే అర్థమున్న ‘థిన్’, రేకు డబ్బా ‘టిన్’. ఈ రెండింటికీ ఎప్పుడైనా తికమక పడ్డారా? పడి ఉండరు. మొదటిదాన్ని మీరు ‘థ’గా, రెండోదాన్ని ‘ట’గా వింటారు. నిజానికి ఇంగ్లీషులో ఉన్నది మన ‘థ’ కాదు, మన ‘ట’ కూడా కాదు. రెండు ధ్వనులూ తప్పుగానే విన్నారు, అయినా తేడా మాత్రం చక్కగా దక్కింది. మరి ఫ్రెంచి వాళ్లకో? మొదటి ధ్వనికి వాళ్ల దగ్గర సరైన గడి లేక తరచూ ‘స’లోకి తోసేస్తారు, ‘సింక్’, ‘థింక్’ వాళ్లకు కలిసిపోతాయి. మీకు తేలికైంది వాళ్లకు కష్టం. ధ్వని తనంతట తాను కష్టమూ కాదు, తేలికా కాదు, వినేవాళ్లు ఏ గడులతో వచ్చారన్నదే లెక్క.

ఏ గడిలోనూ పడని ధ్వనులూ ఉంటాయి. అయ్యో పాపం అన్నట్టు నాలుకను పళ్ల వెనక తాటించి ‘చ్చు చ్చు’ అంటాం కదా, ఆఫ్రికాలోని జులూ భాషలో అలాంటి చప్పుళ్లు నిఖార్సైన హల్లులు. వాటిని జన్మలో వినని ఇంగ్లీషువాళ్లు వాటి మధ్య తేడాలు బాగానే పట్టగలరని బెస్ట్, ఆమె సహచరులు 1988లో చూపించారు. అవి వాళ్లకు మాటల్లా తోచలేదు, చప్పుళ్లలాగే విన్నారు. పొంతన లేనిదానికన్నా సగం పొంతన ఉన్నదే మనల్ని ఎక్కువ ముంచుతుంది.

వయసు సంగతి అడిగారు. కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో చేసిన పనిని బట్టి చూస్తే, మీకు ఆలస్యమైంది ఇప్పుడు కాదు, మీ మొదటి పుట్టినరోజు నాటికే! ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే పసిపిల్లలు 6–8 నెలల్లో హిందీ ‘త’, ‘ట’ల తేడా పట్టుకున్నారు. 10–12 నెలలకు ఆ పని చాలావరకు చేయలేకపోయారు. ‘పాత’, ‘పాట’ ఒకటేనంటే మనకు నవ్వొస్తుంది. వాళ్లకు మాత్రం రెండూ ఒకే ఇంగ్లీషు ‘ట’ గడిలో పడిపోతాయి. మీరు వీ, డబుల్యూల ముందు ఎలా ఉన్నారో, తెలుగు నేర్చుకునే ఇంగ్లీషాయన ‘కల’, ‘కళ’ల ముందు అలా ఉంటాడు. కాబట్టి 47 ఏళ్లకు కొత్తగా పోయిందేమీ లేదు. 20 ఏళ్లప్పుడు ఇదే ఆట ఆడినా ఇంచుమించు ఇదే మార్కు వచ్చి ఉండేది.

మీ ఉత్తరంలో నన్ను బాగా ఆకట్టుకున్నది, వెంటవెంటనే వింటే ఏదో తేడా ఉన్నట్టుంటుందన్న మాట. అది మీ భ్రమ కాదు. విన్న శబ్దపు ముడి ఆనవాలు మెదడులో కొద్దిసేపే నిలుస్తుంది, తర్వాత ‘వ’ అన్న చీటీ ఒక్కటే మిగులుతుంది. వర్కర్, టీస్‌ల మరో ప్రయోగంలో పరభాషా శబ్దాల మధ్య విరామం అర సెకను ఉన్నప్పుడు పెద్దవాళ్లు తేడా కొంత పట్టగలిగారు. దాన్ని ఒకటిన్నర సెకనుకు పెంచితే ఆ పట్టు జారిపోయింది. మీ అమ్మాయి రెండూ గబగబా పలికితే మీరు ఆనవాలునూ ఆనవాలునూ పోల్చుకుంటున్నారు. ఒక్కటే పలికితే పోల్చడానికి మీ దగ్గర ఉన్నది చీటీ మాత్రమే, దాని మీద ‘వ’ అని రాసి ఉంది. ఏ ‘వ’ అని అడిగితే చీటీ ఏం చెబుతుంది?

అందుకే ‘ఒకటేనా, వేరా’ అని జంటలు వినిపించే సాధన ఎంత చేసినా పెద్దగా ఫలితం ఉండదు. ఒకప్పుడు నేనూ అదే చేశాను. ధ్వనిశాస్త్రం తరగతిలో ఒకే గొంతుతో జంటలు వందలసార్లు విని, పరీక్షలో కొత్త గొంతు రాగానే చతికిలబడ్డాను. ఒక్క గొంతుతో సాధన చేస్తే మనం ఆ మనిషిని నేర్చుకుంటాం, ధ్వనిని కాదు. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది. ఇండియానా విశ్వవిద్యాలయంలో లోగన్, లైవ్లీ, పిసోనీ 1991లో ఆరుగురు జపానీయులకు ‘ర’, ‘ల’ల మీద శిక్షణ ఇచ్చారు. అయిదుగురి గొంతుల్లో నిజమైన పదాలు, ఒక్కోటి విని అదేంటో ఎంచుకోవాలి, వెంటనే తప్పో ఒప్పో తెలుస్తుంది. అలా మూడు వారాల్లో 15 సార్లు కూర్చోబెడితే సగటు 78 శాతం నుంచి 86 శాతానికి చేరింది. రెండేళ్ల తర్వాత అదే బృందం ఒక్క గొంతుతోనే శిక్షణ ఇచ్చి చూసింది. నేర్చుకున్నవాళ్లు ఆ గొంతు వరకు మెరుగుపడ్డారు, కొత్త గొంతు దగ్గర ఆ మెరుగు కనిపించలేదు.

ఆ 78, 86ల మధ్య దూరం చిన్నదని మీకు అనిపించవచ్చు, నాకూ అనిపించింది. కానీ వాళ్లు మొదలుపెట్టింది 78 దగ్గర, మీరున్నది 50 పైచిలుకులో, అంటే గడి ఒక్కటే ఉన్న చోట. మీరు ముందు గోడ ఎక్కడ కట్టాలో తెలుసుకోవాలి. అందుకు నేను చెప్పే ఉపాయం ఇది: డబుల్యూను ‘వ’గా వినడం మానేసి ‘ఉ’గా వినండి. సారాయి వైన్‌ను ‘ఉఐన్’ అనీ, పడమర అనే అర్థమున్న ‘వెస్ట్’ను ‘ఉఎస్ట్’ అనీ మనసులో అనుకోండి. వీతో వచ్చే ‘వెస్ట్’, అంటే బనియను, దాన్ని అలాగే ‘వ’లో ఉండనివ్వండి. దీనివల్ల ఒకే గడిలో పడుతున్న జంట రెండు గడుల్లోకి వెళ్తుంది, ‘థిన్’, ‘టిన్’ల మాదిరి అవుతుంది. ‘ఉఐన్’ అచ్చమైన ఇంగ్లీషు ఉచ్చారణ కాదు, అయినా తేడా దక్కుతుంది. మొదట్లో కావలసింది అదే.

కొన్ని చోట్ల ఈ ఉపాయం పారదు. ఉన్ని అనే అర్థమున్న ‘వుల్’, చెక్క అనే అర్థమున్న ‘వుడ్’ లాంటి మాటల్లో డబుల్యూ తర్వాత వచ్చేదే ‘ఉ’ కాబట్టి జారడానికి దూరం ఉండదు. మన చెవి దాన్ని ‘ఊళ్లో’, ‘వూళ్లో’ లాగా మింగేస్తుంది. సాధన మొదట్లో అలాంటివి పక్కన పెట్టండి. ‘ఎ’, ‘ఐ’, ‘ఏ’ అచ్చులు తర్వాత వచ్చేవాటితో మొదలుపెట్టండి, వాటిలో పెదవుల ప్రయాణం బాగా తెలుస్తుంది. ఇక పదం చివర మీకు సమస్యే లేదు. ప్రేమకు వాడే ‘లవ్’, అయిదుకు వాడే ‘ఫైవ్’ లాంటి చోట్ల వినబడేది ఎప్పుడూ వీయే, ఇంగ్లీషులో డబుల్యూ హల్లుగా పదాన్ని ముగించదు.

మీ అమ్మాయి పదాల జాబితాను కూడా ఒకసారి సరిచూడమనండి. రాయడం అనే అర్థమున్న ‘రైట్’ స్పెల్లింగు డబుల్యూతోనే మొదలవుతుంది, దాన్ని ఎవరూ పలకరు. ఒకటి అనే ‘వన్’ ఓతో మొదలవుతుంది, వినబడేది మాత్రం డబుల్యూ ధ్వని. అక్షరాన్ని అడిగే ఆటలో ఇలాంటివి ఉంటే మీ 21లో ఎన్ని చెవివో ఎన్ని స్పెల్లింగువో తేలదు. ఫోను స్పీకరు కూడా వద్దు. వీ రాపిడి అసలే బలహీనమైన శబ్దం, చిన్న స్పీకర్లో అది సోదిలోకి కూడా రాదు. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

పాతికేళ్లు ఇంగ్లీషు వాడాక కూడా ఇది ఎందుకు అబ్బలేదన్నది మీరు నేరుగా అడగలేదు, మనసులో ఉండే ఉంటుంది. ఈ జంటతో అర్థం మారే మాటలు ఇంగ్లీషులో మరీ ఎక్కువ లేవు, ఉన్నవి కూడా సందర్భాన్ని బట్టి తేలిపోతాయి. సూర్యుడు బనియనులో అస్తమించాడని ఎవరూ అనుకోరు కదా. తేడా పట్టకపోయినా నష్టం లేనప్పుడు మెదడు గోడ కట్టే ఖర్చు పెట్టదు. బెస్ట్, మైకేల్ టైలర్ 2007లో ఈ సిద్ధాంతాన్ని భాష నేర్చుకునేవాళ్లకు విస్తరించినప్పుడు ఈ ఒత్తిడి గురించే మాట్లాడారు. తేడా వినకపోతే పని జరగని మాటలు ఎదురైనప్పుడే కొత్త గడి పుట్టే అవకాశం ఎక్కువ. మీ అమ్మాయి ఆట అలాంటి కృత్రిమమైన అవసరాన్ని కల్పిస్తోంది, అది మంచిదే.

నేను ఇంతసేపూ ‘గడి’ అంటున్నాను గానీ, కథంతా గడులతోనే తేలిపోదు. ఐవర్సన్ పరీక్షలో జర్మన్ల సంగతి చూడండి. వాళ్లకూ ఈ చోట ఒక్క ధ్వనే ఉంది. మరి గడుల లెక్క ఒక్కటే అయితే వాళ్లూ సింహళీయుల్లాగే తడబడాలి. కొందరు అలాగే తడబడ్డారు, కొందరికి మాత్రం నూటికి నూరు వచ్చాయి. సింహళీయుల చెవి ఈ తేడాకు కీలకమైన శబ్ద సూచనల మీదే తక్కువ శ్రద్ధ పెట్టేలా అలవాటు పడిందని, ఇమిడిపోవడం కన్నా ఈ అలవాటే పెద్ద అడ్డంకి అని ఆ పరిశోధకులు తేల్చారు. మన ‘వ’ కూడా సింహళ ‘వ’కే దగ్గర కాబట్టి ఇది మనకూ వర్తిస్తుందనే నా అభిప్రాయం. అందువల్ల ‘ఉ’ ఉపాయం ఒక్కటే చాలదు, రాపిడి మీదకు చెవిని మళ్లించే సాధన కూడా ఉండాలి. దానికి తేలిక దారి, మీరే పలకడం. కింది పెదవి మీద పైపళ్లు ఆనించి, ఈగ ముసిరినట్టు రెండు సెకన్లు ‘వ్‌వ్‌వ్’ అనండి. తర్వాత పెదవులు సున్నాలా చుట్టి అదే చప్పుడు తెప్పించడానికి చూడండి. రాదు. రాని ఆ చప్పుడు కోసమే హెడ్‌ఫోన్లలో వెతకాలి.

కనీసం నలుగురైదుగురి గొంతులు, ఆడా మగా కలిపి, సంపాదించండి. ఆన్‌లైన్ ఇంగ్లీషు నిఘంటువుల్లో చాలావాటికి ఉచ్చారణ రికార్డింగులు ఉంటాయి. రోజుకు ఇరవై నిమిషాలు, ఒక్కసారికి ఒక్క పదం, జవాబు చెప్పగానే తప్పో ఒప్పో మీ అమ్మాయి చెప్పాలి. తప్పయితే అదే పదాన్ని మళ్లీ ఒకసారి వినిపించాలి. ఒక గొంతును మాత్రం దాచి ఉంచమనండి. మూడు వారాల తర్వాత ఆ దాచిన గొంతుతో 40 పదాలు పెట్టి, ఎన్ని వచ్చాయో నాకు రాయండి.